నా బదులు లేచిన చిన్నాయన

గిద్దలూరులో రైలెక్కితే గానీ చేరలేని పట్నంలో మా కాలేజీ. గొర్రెలు కాసే మా ఇళ్లలో నాకంటే ముందు కాలేజీ గడప తొక్కినవాడు లేడు. సర్కారు స్కాలర్‌షిప్పు ఉత్తరం ఇంగ్లీషులో వచ్చింది. హాజరు లేకపోతే డబ్బు ఆగుతుందన్న ముక్క ఒక్కటే నా బుర్రకెక్కింది. అదే ఇంట్లో చెప్పాను.

వానల్లో ఒకరోజు చిన్నాయన పట్నంలో నా గదికి దిగబడ్డాడు. నాయన చలిజ్వరంతో పడున్నాడన్నాడు. పోతే డబ్బు ఆగుతుంది, పోకుంటే నాయన! నేను ఏడుస్తుంటే చిన్నాయన కసిరాడు.

"నువ్వు పోరా. ఈడ నీ బదులు నేను నిలబడతాలే."

మంద దగ్గరికి ఒకరు పోలేకపోతే ఆ ఇంట్లో ఇంకొకరు పోవడం మా వాడుక. గది కాపలాకేమో అనుకుని రైలెక్కాను.

నాయన కాస్త తేరుకున్నాక తిరిగి వస్తే, ప్రిన్సిపాలుగారు రమ్మన్నారని కబురు. చిన్నాయన గొంగడి వేసుకుని క్లాసులో కూర్చుని, నా పేరు పిలవగానే "వచ్చినా సామీ" అని లేచాడట!

నేనూ చిన్నాయనా ప్రిన్సిపాలుగారి ఎదుట నిలబడితే, హెడ్ గుమాస్తా నా స్కాలర్‌షిప్పు ఉత్తరం విప్పాడు.

"ఒక్కరోజు రాకుంటే డబ్బు ఆగదబ్బాయ్. టర్ములో నాలుగింట మూడొంతుల హాజరుండాల. సెలవు చీటీ ఇచ్చినా రాని రోజు రాని రోజే. టర్ము అయినాక హాజరూ నడవడీ బాగున్నాయని అయ్యగారు సంతకం పెడితేనే బిల్లు ట్రెజరీకి పోతాది, డబ్బొస్తాది. పాసై పైక్లాసుకు పోతేనే మళ్లా ఏడాదికిస్తారు. దొంగ హాజరు వేయించినావా, మొత్తం రద్దు!"

చిన్నాయనకు రోషం వచ్చింది.

"దొంగతనమేంది సామీ? క్లాసులో ఆ అయ్యవారు నువ్వెవురని అడిగితే వీని చిన్నాయననని చెప్పినా గదా!"

నిజమే. లెక్చరరు నాకు గైర్హాజరే వేశారు. ప్రిన్సిపాలుగారు నవ్వలేదు. ఈసారికి వదిలేస్తున్నానన్నారు.

బయటికొచ్చాక గుమాస్తా మెల్లగా అన్నాడు. "టర్ము మొదట్లో, ఈ ఉత్తరం రాకముందే చానా రోజులు పోగొట్టుకున్నావు. ఈ టర్ములో ఇంక ఊరిమొగం చూడొద్దు."

చిన్నాయన ఊరికి పోయాడు. పక్షం తిరక్కుండా మళ్లీ కాలేజీ గేటు దగ్గర కనబడ్డాడు. ఆ గొంగడి చూడగానే గేటు దగ్గరికి పరుగెత్తాను.

"మీ నాయనకు జ్వరం తిరగబెట్టింది" అన్నాడు. "నువ్వు రావాకు. ఆడ మంచం కాడ నీ బదులు నేను కూర్చుంటా. దానికి ఎవురూ తప్పు పట్టరులే."

ఆపుకోలేక ఏడ్చాను. గంట కొట్టారు. క్లాసులో నా పేరు పిలిచినప్పుడు కిటికీలోంచి గేటువైపే చూస్తున్నాను. రెండోసారి పిలిచాక లేచి, ప్రెజెంట్ సార్ అన్నాను.