పెరుగు వడ్డించకముందే

నాన్న పన్నెండోరోజు భోజనాలు భిలాయి సెక్టర్ 2లో మా క్వార్టర్ ముందు పెట్టాం. వచ్చినవాళ్ళు కడుపునిండా తింటేనే ఆయనకి శాంతి అని అమ్మ నమ్మకం. చివర ఎడమవైపుకి వచ్చేలా అరిటాకులు వేసి, నీళ్ళు చల్లి, పైన కూరలు, పచ్చడి, కింద అన్నం, పప్పు వడ్డించారు. నెయ్యి వెయ్యకముందే నేను ముద్ద ఎత్తాను.

పక్కనే కూర్చున్న మా అక్క భర్త నవ్వాడు.

"ఏటి బావా, అంత తొందరేటి? మావయ్యని ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి ఈ తొందర నేదే!"

వరసంతా విన్నది. పప్పన్నం ముద్ద ఆకులోనే వదిలేశాను. పులుసు వడ్డిస్తుండగా లేచిపోయాను.

వరసలో ఒకరు లేస్తే మిగతావాళ్ళు తినకూడదని మావాళ్ళ పట్టింపు. నాన్నతో ప్లాంటులో పనిచేసిన ముసలాయన, పులుసన్నం కలిపిన చేత్తోనే లేచాడు. ఆయన వెనక అందరూ లేచారు.

"కూచోండి బాబూ, పెరుగింకా వెయ్యనేదు," అంటూ అమ్మ గిన్నె పట్టుకుని ఆకుల మధ్య తిరిగింది. ఎవరూ కూర్చోలేదు.

బావ అన్నది అబద్ధమైతే నేను కదిలేవాణ్ణి కాదు. నాన్న గుండెల్లో నొప్పంటే, నా షిఫ్టు అయ్యాక చూద్దామన్నది నేనే.