ఫోన్ నంబరు పక్కన ఏం రాయాలి?

ఇళ్ల ప్లాన్లు గీసే ఆవిడని ఆఫీసులో అందరూ గీతలమ్మ అనేవారు. ఆ ఆఫీసు కాస్తా మూతపడింది. ఇప్పుడు ఇంకో ఉద్యోగం దొరకాలి. పనిలో ఆవిడకి వంక పెట్టేవాళ్లు లేరు. పేచీ అంతా చెవులతోనే. చెవికి మిషను పెట్టుకుని, ఎదుటివాళ్ల పెదాలు చూస్తూ ఉంటే మాట అందుతుంది. ఫోన్లో అయితే అంతా గుసగుసే.

మొదట రెజ్యూమేలో పేరు కిందే రాసేసింది, "వినికిడి లోపం ఉంది" అని. ఎన్ని చోట్లకి పంపినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. చెవుల వల్లనా, గీతలు నచ్చకనా? ఆ ముక్క చెప్పే పుణ్యాత్ములు ఎవరు!

"నీకేమన్నా పిచ్చా?" అని అక్క కసిరింది. "రెజ్యూమే ఉన్నది నీకొచ్చిన పని చెప్పుకోడానికి. నీ ఒంటి సంగతి వాళ్లకెందుకే? తీసి పారెయ్."

నిజమేననిపించి తీసేసింది. అంతే, ఫోన్ మోగింది! గీతలమ్మ గబుక్కున ఫోన్ అక్క చేతిలో పెట్టింది. అక్క ఊరుకుందా? తగుదునమ్మా అని తానే చెల్లెలైపోయి "ఆఁ, నేనేనండీ" అంటూ గడగడా మాట్లాడేసింది.

తీరా ఇంటర్వ్యూకి వెళ్తే మేనేజరు ప్లాన్లు చూసి ముచ్చటపడ్డాడు. "ఫోన్లో మీరన్నట్టు సైటుకి కూడా వెళ్తారు కదా?" అన్నాడు. అక్క ఆ మాట ఇచ్చినట్టు గీతలమ్మకి తెలియనే తెలియదు. ఇక దాచలేక జరిగింది చెప్పింది.

"వినబడదంటే మెసేజ్ పెట్టేవాణ్ని కదమ్మా. మీ పేరుతో ఇంకొకరు మాట్లాడితే మిమ్మల్నెలా నమ్మను?" అన్నాడాయన. ఆ ఉద్యోగం అక్కడితో సరి.

"నీ మేలు కోరే కదే చేశాను," అని అక్క కళ్లనీళ్లు పెట్టుకుంది.

"నీ మేలు తగలెయ్య! నా గొంతు నాకుండనీ."

చెప్తే ఒక తంటా, చెప్పకపోతే ఇంకో తంటా. ఏది ఒప్పో గీతలమ్మకి బోధపడలేదు. బుర్ర వేడెక్కేదాకా ఆలోచించి, ఈసారి లోపం ఊసెత్తకుండా నంబరు పక్కన మాత్రం "ఫోన్లో మాట వినబడదు, మెసేజ్ పంపండి" అని రాసింది.

"మళ్లీ మొదటికొచ్చావా!" అంది అక్క.

"ఏమోనక్కా. ఇదీ తప్పేనేమో."

కొన్నాళ్లకి ఒక మెసేజ్ వచ్చింది. "ప్లాన్లు బాగున్నాయి. సోమవారం ఇంటర్వ్యూకి రండి. మాట్లాడుకోవడానికి ఏం ఏర్పాటు కావాలో ముందే చెప్పండి."

గీతలమ్మ దాన్ని మళ్లీ మళ్లీ చదువుకుంది. ఇన్నాళ్లూ చెప్పాలా వద్దా అనే గింజులాటే తప్ప, నీకేం కావాలని అడిగినవాళ్లు లేరు. తనూ ఎప్పుడూ ఆ సంగతి ఆలోచించలేదు. జవాబు రాయబోతూ అక్కని పిలిచింది.

"అక్కా, నాకేం కావాలే?"

అక్క గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకుంటూ ఏదో అంది.

"అబ్బ, ఇటు తిరిగి చెప్పక్కా! నీ మొహం కనబడితే కదా నాకు మాట అందేది," అని గీతలమ్మ విసుక్కుంది. విసుక్కున్నాక ఫోన్ అందుకుని, అదే మాట జవాబుగా, మర్యాదగా టైపు చెయ్యడం మొదలుపెట్టింది.