బొమ్మలకిచ్చిన సగం

మా వీధి మలుపులో కంప్యూటర్లు బాగుచేసే మెకానిక్‌ని అందరూ డాక్టరుగారనే పిలుస్తారు. ఏ పెట్టె తెచ్చినా ముందు చెవి ఆనించి వింటాడు. ఫ్యాను చప్పుడును బట్టే సగం జబ్బు చెప్పేస్తాడు.

బాగుచేశాక, ఎవరూ అడక్కపోయినా ఇంకో పని చేసేవాడు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని పెట్టె అయితే బయోస్ అనే లోపలి సెట్టింగుల్లోకి వెళ్లి, మొత్తం మెమరీలోంచి తెరమీది బొమ్మలకి కేటాయించే వాటాని వీలైనంత పెద్ద అంకెకి మార్చేవాడు. ఎప్పుడో ఒక కంప్యూటర్ ఆట వీడియో మెమరీ చాలదని మొరాయిస్తే, ఆ అంకె పెంచగానే తెరుచుకుంది. అప్పట్నుంచీ అన్ని జబ్బులకీ అదే మందు. "ఇది నా తరఫున" అని నవ్వేవాడు.

ఇంట్లో కూర్చుని ఫొటో స్టూడియోకి ఆల్బమ్‌లు చేసే ఆయన చెల్లెలి పెట్టెకీ ఆ కానుక అందింది. ఉన్న నాలుగు జీబీలో రెండు బొమ్మలకి.

ఒక మధ్యాహ్నం నేను ఆయన కొట్లో ఉండగానే ఆమె ఆ పెట్టెని తువ్వాల్లో చుట్టి తెచ్చింది.

"అన్నయ్యా, ఇందులో ఫొటోలు తీసిచ్చి, దీన్ని ఎవరికైనా ఇచ్చెయ్."

"ఏమొచ్చిందే దీనికి? నేనే కదా బాగుచేసిచ్చాను!"

"దానికేం రాలేదు, నాకే వచ్చింది. చేతులు మొద్దుబారిపోయాయి. ఒక పేజీ అయ్యేలోగా అన్నం ఉడికి చల్లారిపోతోంది. స్టూడియో ఆయన చూసీ చూసీ, పని ఇంకో అమ్మాయికిచ్చేశాడు."

"నీ చేతులా? చిన్నప్పుడు నా జేబులో చాక్లెట్లు మాయం చేసిన చేతులే అవి!"

ఆమె నవ్వలేదు. డాక్టరుగారు పెట్టె ఆన్ చేసి ఆల్బమ్ తెరిచాడు. డిస్కు దీపం ఆగకుండా మిణుకుమంటోంది. మెమరీ వివరాలు చూశాడు. ఉన్నది నాలుగు, వాడుకోదగ్గది రెండుకి కాస్త తక్కువ.

"నేనే చేశానే ఇది," అన్నాడు. "బొమ్మలకి కావాల్సినప్పుడు డ్రైవరు సాఫ్ట్‌వేరు మామూలు మెమరీలోంచే తీసుకుని, పనయ్యాక వదిలేస్తుంది. నేను ముందే సగం పక్కకి తీసి తాళం వేశాను. దానివల్ల బొమ్మల చిప్పు వేగమేం పెరగలేదు. నీ ఫొటోలకి మాత్రం చోటు చాలక, పెట్టె వాటిని డిస్కులోకి తోసి, మళ్లీ తెచ్చుకుంటోంది."

అంకెని మళ్లీ ఆటోమేటిక్‌కి మార్చి, అదే ఆల్బమ్ తెరిచాడు. చెల్లెలు మౌస్ అందుకుంది. పేజీలు చకచకా తిరిగాయి.

"అయితే నా చేతులు బాగానే ఉన్నాయన్నమాట," అంది మెల్లగా.

"స్టూడియో ఆయనతో నేను మాట్లాడతాను."

"ఇప్పుడేం మాట్లాడతావు? ఆ అమ్మాయి బాగానే చేస్తోందట."

పెట్టెని మళ్లీ తువ్వాల్లో చుట్టుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం నుంచీ డాక్టరుగారు పాత ఖాతాదార్లకి ఫోన్లు చేస్తూనే ఉన్నాడు, ఒకసారి పెట్టె తెమ్మని. "బానే ఉంది డాక్టరుగారూ, కాస్త నెమ్మదే అనుకోండి," అంటారు వాళ్లు. "పాతదైపోయింది కదా, మీరు మాత్రం ఏం చేస్తారు!"