ముందే టిక్కులు పడ్డ కాగితం

నేను మెదక్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో టైపింగ్ పని చేస్తాను. పంట నష్టాల రిపోర్టులు నా చేతుల మీదుగానే హైదరాబాద్ పోతాయి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆఫీసంతా చెప్పుకుంటారు. అది నిజమే. తప్పుల్లేకుండా టైపు చేస్తానని నేను చెప్పుకునేదాన్ని. అదెంత నిజమో ఈ సంగతి చదివాక మీరే అనుకోండి.

మా సూపరింటెండెంట్ సార్‌కు తప్పులు సరిచూసే పట్టిక అంటే ప్రాణం. ఒకసారి మా రిపోర్టులో 'వరి పంట' అని ఉండాల్సిన చోటల్లా 'వారి పంట' అని పడింది. ఎవరి పంట అని పైఆఫీసు వాళ్లు ఫోన్ చేసి నవ్వారట. ఆ మర్నాడే సార్ ఒక కాగితం తయారుచేశారు. రిపోర్టు పంపే ముందు చూడాల్సినవి అందులో నాలుగు. అక్షరదోషాలు. కాలం, అంటే జరిగిపోయినదంతా జరిగినట్టే రాశామా అని. అంకెలు, అంటే వాక్యంలో ఉన్నదీ పట్టికలో ఉన్నదీ ఒకటేనా, మొత్తం కలుస్తోందా అని. తేదీలు, అంటే అసలు కాగితాలతో సరిపోతున్నాయా అని. ప్రతి దాని పక్కన ఒక గడి. అడుగున ఒక షరతు: రాసినవారు కాక వేరొకరు వినాలి. ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు అసలు కాగితాలు ముందేసుకుని పోల్చాలి.

మొదటి నెల బుద్ధిగా చేశాం. తర్వాత ఖాళీ కాగితం ఎక్కడో పోయింది. ఫైల్లో నింపేసినది ఒకటి దొరికితే మా అటెండర్ దాన్నే యాభై జిరాక్సులు తీయించుకొచ్చాడు. అంటే నాలుగు గడుల్లోనూ టిక్కులు ముందే పడి ఉన్నాయి. మేం చేయాల్సింది అడుగున సంతకమే. ఇంత హాయైన కాగితం గవర్నమెంటులో ఇంకోటి ఉండదు. చూసి కూడా ఎవరం నోరెత్తలేదు. నేనైతే అటెండర్‌కు చాయ్ కూడా తాగించాను.

ఈ ఏడు ఏప్రిల్‌లో చేగుంట వైపు నాలుగు ఊళ్లలో వడగళ్లు పడి కోతకొచ్చిన వరి రాలిపోయింది. రిపోర్టు పంపే ఆఖరి రోజు వచ్చింది, సాయంత్రం ఐదింటికల్లా పోవాలి. పోకపోతే ఆ ఊళ్ల పేర్లు ఈ విడత జాబితాలో ఉండవు. నేను ఎప్పటిలాగే పోయినేటి రిపోర్టు తెరిచి, కొత్త పేరుతో సేవ్ చేసి, మార్చాల్సినవి మార్చాను. మా ఆఫీసులో ఏ రిపోర్టూ మొదటి నుంచి పుట్టదు. ప్రతిదానికీ ఒక పాత రిపోర్టు తల్లి ఉంటుంది.

అదే రోజు ఆ ఊళ్లలోంచి ఒక పెద్దాయన పొద్దున బస్సుకే వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. అర్ధగంటకోసారి లేచి నా టేబుల్ దగ్గరికి వస్తాడు.

"బిడ్డా, మా ఊరి పేరు ఎక్కిందా?"

"ఎక్కింది తాతా. జర కూసోండ్రి."

మూడోసారి వచ్చేసరికి నాకు మండింది. ఆయన నాకు తెలియని మనిషి కాదు. పోయినేడు కూడా ఇలాగే వచ్చాడు. అప్పుడు వాళ్ల ఊళ్లు జాబితాలోంచి ఎగిరిపోయాయి. రిపోర్టులో ఉన్న తేదీన అక్కడ వాన పడిన దాఖలా లేదని పైనుంచి రాసిపంపారు. ఆ మాట ఆయనకు చెప్పింది నేనే. మెల్లగా కూడా చెప్పలేదు. "వాన పడకుండనే పడ్డదంటె ఎట్ల తాతా, మమ్మల్ని పరేషాన్ చేస్తరా?" అని పదిమందిలో కసిరాను. ఆయన అట్నుంచటే బస్టాండు వైపు వెళ్లిపోయాడు.

మూడు గంటలకు ప్రింటు తీసి, టిక్కుల కాగితం మీద సంతకం గీకి సార్ ముందు పెట్టాను. సార్ ఆరోజు కళ్లజోడు కొత్తది పెట్టుకొచ్చారు. అదే నా ఖర్మ.

"టిక్కుల మీద గీ చాయ్ మరక ఎక్కడిదమ్మా? పోయిన రిపోర్టు మీద గూడ గిదే మరకుండె, గిదే జాగల."

జిరాక్సులో మరక కూడా వచ్చిందని నేనెప్పుడూ చూడలేదు. విషయం బయటపడింది. సార్ అరవలేదు. టిక్కులన్నీ ఎర్ర పెన్నుతో కొట్టేసి, "ఎవలనన్న కూసోవెట్టి పైకి చదువు. రెండు గంటల టైముంది" అన్నారు.

ఎవరిని కూర్చోబెట్టాలి? మొదట్లో నాతో కలిసి రిపోర్టులు చదివిన తోటి టైపిస్టు చెల్లెలి పెళ్లికి పోయింది. అటెండర్ జిరాక్సు సంగతి వినగానే మాయమయ్యాడు. మిగిలింది బెంచీ మీది పెద్దాయన. కోపంగానే పిలిచాను.

"నాకు సదువు రాదు బిడ్డా."

"చదువుడు నాది. వినుడు మీది. తేడా అనిపిస్తె ఆపుండ్రి."

మొదలుపెట్టాను. "వడగళ్ల వాన కురుస్తుంది. పంట దెబ్బతింది. అధికారులు పరిశీలిస్తారు."

"ఇంక కురుస్తదా?" అన్నాడాయన బెదిరిపోయి.

కాలం సరిచేశాను. కురిసింది, పరిశీలించారు. తర్వాత ఆయన ఊరి రైతుల సంఖ్య. వాక్యంలో నలభై ఆరు అని చదివి, పట్టికలో అరవై నాలుగు అని చదివాను. ఆయన వేళ్ల మీద ఇల్లిల్లూ లెక్కపెట్టి నలభై ఆరే అన్నాడు. పొలం మీదికి పోయినవాళ్లు రాసుకొచ్చిన జాబితా చూస్తే నలభై ఆరే. నాకు సరదా మొదలైంది. ఇంత మంచి ప్రూఫ్‌రీడర్ మా ఆఫీసులో ఇదివరకు లేడు.

"ఏప్రిల్ పదకొండో తారీఖు సాయంత్రం..." అని చదివాను.

"ఆగు బిడ్డా. పదకొండున పడలే. గా దినం మస్తు ఎండ. కోత మిషనోనితోని మాట్లాడనీకి నేను చేగుంట పోయిన. పడ్డది గా పై ఆదివారం."

రోజువారీ వర్షపాతం కాగితాలు తీశాను. పదకొండున సున్నా. ఆదివారం నాటి వాన స్పష్టంగా ఉంది. మరి పదకొండు ఎక్కడినుంచి వచ్చింది? నేను టైపు చేయలేదు. పోయినేటి రిపోర్టు తెరిచాను. అందులోనూ పదకొండే. దాని తల్లిని, అంతకుముందేటి రిపోర్టును తెరిచాను. పదకొండున వాన నిజంగా పడింది ఆ ఏడాదే.

పోయినేటి వర్షపాతం ఫైలు తీశాను. అక్కడ కూడా వాన ఉంది, ఇరవై మూడున. వాన పడ్డదని ఈయన చెప్పింది నిజమే. నేను తేదీ మార్చలేదు. ముందే పడ్డ టిక్కుల కింద సంతకం నాదే. నాకు చెప్పలేనంత సిగ్గేసింది.

తేదీ సరిచేసి, మిగిలిన పేజీలు కూడా ఆయనకు చివరిదాకా చదివి వినిపించి, గడుల్లో నా చేత్తో టిక్కులు పెట్టాను. సార్ సంతకం చేశారు. నాలుగూ నలభైకి మెయిల్ పోయింది. అప్పుడు బెంచీ మీద ఆయన పక్కన కూర్చుని చెప్పాను.

"తాతా, పోయినేడు మీ తప్పు లేదు. వాన పడ్డది. తారీఖు నేను తప్పు రాసిన. మిమ్మల్ని ఊకెనే కసిరిన."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"పడ్డదా?" అన్నాడు. "కాయితంల లేదంటే, నాకే మతి తప్పుతుందనుకున్న బిడ్డా. ఏడాది సంది ఇంట్ల ఏం మాట్లాడాలన్నా భయమైతుండె."