స్నానం అయింది, మందు ఆగలేదు

నా భార్య అహల్య ఆబిడ్స్‌లో టైపు నేర్పేది. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లు ఎన్ని ఆఫీసుల్లో ఉన్నారో అని నేను గొప్పలు చెప్పుకుంటే తప్పు పట్టకండి. 1968 వానకాలంలో అంతటి మనిషి మంచం పట్టింది. జ్వరం లేదు, నొప్పి లేదు. నిద్ర కరువైంది, తిండి మానేసింది. "నేను దేనికీ పనికిరాను" అని ఒకటే ఏడుపు. దసరా దాకా చూసి వేరేవాళ్లను పెట్టుకుంటానని ఇన్‌స్టిట్యూట్ యజమాని కోదండరామయ్యగారు కబురు చేశారు. ఆ కుర్చీ పోతే ఆమె ఇక లేవదని నా భయం.

నాంపల్లిలో మనసు డాక్టరు గోలీలు రాశాడు.

"జర ఓపిక పట్టాలె. ముందుగాల నోరు ఎండుతది, లేస్తే కళ్లు తిరుగుతయి. గుణం కనపడేటందుకు రెండు మూడు వారాలు పడ్తది. గోలీలు నీ దగ్గరే పెట్టుకో. చచ్చిపోతనన్న మాట వస్తే ఆగకుండ తీస్కరా" అని నాతో అన్నాడు.

అన్నట్టే అయింది. "గోలీలు తింటే కొత్త రోగాలొస్తున్నయి" అని మా అమ్మ కొండమ్మ గొణుగుతూనే ఉంది. నెల కావస్తుండగా ఒక పొద్దున చాయ్‌లో చక్కెర తక్కువేశానని అహల్య నన్ను తిట్టింది. ఆ తిట్టు నాకు పండుగ.

అమ్మ వెంటనే పంచాంగం తిప్పించింది. మా ఇంట్లో జబ్బు తగ్గినవాళ్లకు మంచిరోజు చూసి తలస్నానం చేయిస్తారు. ఆ నీళ్లతో రోగం వెళ్లిపోయినట్టే. ఆ తర్వాత మందు ముట్టుకుంటే రోగాన్ని చేతులారా పిలిచినట్టని అమ్మ నమ్మకం. అహల్యా సరేనంది. నలుగు పెట్టి, నీళ్లు పోసి, నా పెట్టెలో దాచిన గోలీలు తీసి మోరీలో పారేసింది మా అమ్మ మహాతల్లి.

రెండు రోజులు తిరగకుండానే వికారం, తలనొప్పి, చెమటలు, పీడకలలు. నాకు కోపం నషాళానికెక్కింది. అమ్మను కూడా వెంటబెట్టుకొని డాక్టరు దగ్గరికి పోయాం.

"స్నానంతో ఏం కాలేదమ్మా" అన్నాడాయన. "ఒంటికి అలవాటైన దవా ఒక్కసారే ఆపితే గిట్లనే అయితది. ఇంత జల్దీ ఆపితే రోగం కూడ మళ్ల వస్తది. మంచిగైనంక గూడ కొన్ని నెలలు తినాలె. ఆపేటప్పుడు నేను చెప్పినట్టు మెల్లమెల్లగ తగ్గించుకుంట ఆపాలె."

మళ్లీ మందు మొదలుపెట్టాక అహల్య కుదుటపడింది. దసరాకు ముందే పనిలోకి బయలుదేరింది. "ఎవరన్న అడిగితే టైఫాయిడ్ అను" అని దారిపొడుగునా చెప్పాను.

క్లాసు నిండా పిల్లలుండగానే అడిగారు కోదండరామయ్యగారు: "ఏమైందమ్మా ఇన్నాళ్లు?"

"మనసుకు రోగమొచ్చింది సార్. దవా తింటున్న, ఇంక కొన్ని నెలలు తింట" అంది అహల్య. "నా కుర్చీ ఇస్తరా, ఇయ్యరా?"

ఆయన కుర్చీ తానే ముందుకు జరిపారు. పిల్లల వేళ్లు మళ్లీ మీటల మీద పడ్డాయి.

అప్పటినుంచి నన్నెవరికైనా పరిచయం చేసేటప్పుడు నా ఉద్యోగం చెబితే ఊరుకోను. అహల్య మొగుణ్ణని నేనే చెప్పుకుంటాను.