ఉప్పు కొలత

పండుమిరప పచ్చడి ఒక్కరోజులో నేర్పడం కుదరదు. కాయలు తొక్కి, ఉప్పు, చింతపండు కలిపి జాడీకెత్తితే మూడోరోజుకి గానీ రుబ్బడానికి రాదు. అందుకే పచ్చళ్ల అమ్మకానికి తోడు క్లాసు మొదలుపెట్టినప్పుడు, మూడురోజుల ముందే ఒక జాడీ తొక్కి ఉంచాను. పొద్దున కొత్త కాయలు వాళ్లచేత తొక్కించాలి, మధ్యాహ్నం ఆ జాడీ విప్పి రుబ్బించాలి. డబ్బు కట్టి వచ్చినవాళ్లకి సగం పచ్చడి నేర్పి పంపితే రెండో క్లాసుకి ఎవరొస్తారు?

ఉప్పు చేతికొద్దీ వేయాలంటే క్లాసుకి చేరిన ఎనిమిదిమందీ ఫోన్లోనే ఒప్పుకోలేదు. నా గుప్పెళ్లు త్రాసులో తూచి, కిలో కాయలకు పావుకిలో ఉప్పు, పావుకిలో చింతపండు అని కాగితం అచ్చువేయించాను. అది మా బావగారి కంటపడింది. రోడ్డు మీద పచ్చళ్ల కొట్టు ఆయనది, పక్క వాటాలోనే కాపురం. ఆ కొట్టులో పచ్చళ్లన్నీ పెట్టేది ఆయన భార్య, నేను అక్కా అని పిలిచే మా తోడికోడలు. ఆయన జన్మలో ఒక్క కాయ తొడిమ తీసిన పాపాన పోలేదు, రహస్యం మాత్రం ఆయనదే.

క్లాసురోజు పొద్దున మేమంతా కాయలు తొక్కుతుండగా వచ్చాడు. కాగితం చించి నా మొహాన కొట్టాడు.

"ఇంటి గుట్టు రేటు కట్టి అమ్ముతావటే?"

మధ్యాహ్నం రుబ్బాల్సిన జాడీని కాలితో తన్నాడు. అది గోడకి కొట్టుకుని పగిలింది, ఎర్రటి ముద్దంతా గచ్చు మీద పడింది. నేను లేచేలోగా చెంప పగలగొట్టాడు. చెవి గుయ్యిమంది. రెండోసారి జుట్టు పట్టుకుని రోటి మీదకి వంచబోయాడు. నాకు కోపం ముందు, బుద్ధి తర్వాత. మోచేతుల దాకా మిరప ముద్దతో ఉన్న రెండు చేతులూ ఆయన మొహాన పులిమేశాను, కళ్లలోకి పోయేదాకా రుద్దాను. జాలి వేయలేదు. పశువులా అరుస్తూ కూలబడ్డాడు.

ఆ అరుపుకి అక్క పక్క వాటాలోంచి వచ్చింది. కుళాయి తిప్పి గొట్టం ఆయన చేతిలో పెట్టింది. మళ్లీ లోపలికి వెళ్లి కొట్టుకోసం తొక్కి ఉంచిన జాడీ ఎత్తుకొచ్చి మా మధ్య దించింది.

"ఇదీ మూడోరోజుదేనండీ, రుబ్బండి" అని, కొంగు దోపుకుని రోటి ముందు వంగింది. జాకెట్టు కింద నుంచి నడుము దాకా వాతలు తేలి కనిపించాయి, పాతవి నల్లగా, కొత్తవి ఎర్రగా. అందరూ చూశారు. ఒకావిడ ఉప్పు ఎంత వేశారని మాత్రం అడగగలిగింది.

"నాకు కాగితాలు తెలియవమ్మా. ఉప్పు కొలత నా చేతికి తెలుసు. ఆయన చేతి కొలత నా వీపుకి తెలుసు."

ఆ రోజు పచ్చడి పూర్తయింది. గోడకి అవతల నేను పన్నెండేళ్లు ఉన్నాను. ఆ దెబ్బలు వినపడినప్పుడల్లా టీవీ సౌండు పెంచుకున్నాను.