ఒక్క ఊపిరిలో లెక్క

కన్నబాబును మా ఐసీయూకి తెచ్చింది ఆటోడ్రైవరు. సంతకం పెట్టమనగానే "నాకేటి సంబంధం లేదు సిస్టరమ్మా" అని వెళ్ళిపోయాడు. కేస్ షీటులో బంధువు పేరు రాయాల్సిన చోటు ఖాళీగానే ఉండిపోయింది.

అతనికి నలభై ఎనిమిదేళ్ళు. ఫిషింగ్ హార్బరులో చేపలు లెక్కపెట్టేవాడు. బోటు ఆగగానే ఒక్కో చేపనీ బుట్టలోకి విసురుతూ పైకి అరిచి లెక్క చెప్పాలి. ఒకటి అనకూడదు, "లాభం" అని మొదలెట్టాలి. ముప్ఫయ్యేళ్ళు అదే బతుకు. పెళ్ళి లేదు, తల్లి పోయింది, గదిలో ఒక్కడే. బోటువాళ్ళు ఎరిగింది అతని గొంతునే. ఆ బోట్లు ఇప్పుడు నడిసముద్రంలో, ఫోను అందని చోట ఉన్నాయి.

విరేచనాలు తగ్గిన పది రోజులకు కాళ్ళు చచ్చుబడ్డాయి, తర్వాత చేతులు. గులియన్ బారే అన్నారు. నరాల జబ్బు, కింది నుంచి పైకి పాకుతుంది. మందు ఎక్కిస్తున్నాం గానీ అది వెంటనే పనిచేసేది కాదు. ఈలోగా ఊపిరి కండరాలు నిలబడతాయా అన్నదే మా బెంగ.

అందుకే నాలుగు గంటలకోసారి రెండు పరీక్షలు. నిండా పీల్చి గొట్టంలోకి చివరిదాకా ఊదితే ఎంత గాలి వచ్చిందో యంత్రం చెబుతుంది. రెండోది, ఒక్క ఊపిరిలో ఎంతదాకా లెక్కపెట్టగలడో వినడం. ముందురోజు సాయంత్రం ఇరవైరెండువందల మిల్లీలీటర్లు ఊదాడు, పొద్దున పదిహేడువందల మిల్లీలీటర్లు, మధ్యాహ్నం పదమూడువందలు. లెక్క మాత్రం ముప్ఫైనాలుగు, ముప్ఫైరెండు, ముప్ఫై.

"పెదాలు బిగించలేకపోతున్నాడు, గాలి పక్కనుంచి పోతోంది. యంత్రం తక్కువ చూపిస్తోంది. లెక్క బాగానే ఉంది, ఆక్సిజన్ తొంభైఎనిమిది," అన్నాడు డ్యూటీ డాక్టరు ఉదయ్‌కుమార్. ఆ తొంభైఎనిమిదిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కండరాలు అలిసిపోతున్నా ఆ అంకె చివరిదాకా నిలబడి, అప్పుడు ఒక్కసారిగా పడుతుంది. కానీ ఆ ముప్ఫైలు రాసింది నేనే. మురిసిపోతూ రాశాను.

మూడింటికి ముఖం తుడుద్దామని వెళ్ళాను. దిండు మీంచి తల ఎత్తలేకపోయాడు. ఊపిరి పీల్చినప్పుడు పొట్ట పైకి లేవాల్సింది, లోపలికి పోతోంది. "ఓసారి లెక్కెట్టండి" అన్నాను. లాభం, రెండు, మూడు... మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఇరవైఎనిమిది. మొదటిసారి గోడ గడియారం చూశాను. ఏడు సెకన్లు!

"ఇంత తొందరేంటి కన్నబాబు గారూ?"

"మెల్లగా లెక్కెడితే ఐసు కరిగిపోద్ది తల్లీ. బోటోళ్ళు తిడతారు."

సెకనుకి రెండు అంకెల చొప్పున చెప్పించాలని ఇరవైఏళ్ళ క్రితమే నేర్చుకున్నాను. అతను నాలుగు చెబుతున్నాడు, హార్బరు లెక్క. నాకు నా మీదే కోపం వచ్చింది. నేను వేళ్ళతో మంచం అంచు మీద తాళం వేశాను, దానితోపాటు చెప్పమన్నాను. పధ్నాలుగు దగ్గర ఆగిపోయాడు.

పెదాలతో పని లేకుండా ముఖానికి మాస్కు బిగించి గాలి కొలిచాం. పదకొండువందలు. మనిషి అరవైరెండు కిలోలు, కిలోకి ఇరవై మిల్లీలీటర్ల కన్నా తగ్గితే ఆగకూడదు. అతనికి ఆ గీత పన్నెండువందల నలభై. ఉదయ్‌కుమార్ వాదించలేదు. "ఇప్పుడే, నింపాదిగా ఊపిరి గొట్టం వేద్దాం సిస్టర్. ఊపిరాడక కొట్టుకునేదాకా ఆగొద్దు," అన్నాడు.

గొంతులోకి గొట్టం వేస్తామని, కొన్నాళ్ళు మిషనే ఊపిరి ఇస్తుందని చెప్పాను.

"మాట రాదా?"

"గొట్టం ఉన్నన్నాళ్ళూ రాదు. కండరాల్లో బలం వచ్చాక తీసేస్తాం."

"గొంతు పోతే నానెవులికి కావాలి తల్లీ?" అన్నాడు. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి, తుడుచుకోడానికి చెయ్యి లేవదు. నేనే తుడిచాను. ఉక్కునగరంలో నా క్వార్టరుకి తాళం తీసేదీ నేనొక్కదాన్నే.

ఒప్పుదల కాగితం మీద అతని బొటనవేలు నేనే పట్టుకుని ముద్ర వేయించాను.

పదహారు రోజులు మిషను మీద ఉన్నాడు. ఎవరూ రాలేదు. నా డ్యూటీ ఉన్నప్పుడల్లా అతని దగ్గర నిలబడి, అలవాటు కొద్దీ, పెదాలు కదలని మనిషికి నేనే మెల్లగా లెక్క చెప్పేదాన్ని. పిచ్చి పనే. అతను కళ్ళు తెరిచి వినేవాడు.

పదిహేడో రోజు గొట్టం తీశాం. మధ్యాహ్నానికి గొంతు బొంగురుగా పలికింది.

"లెక్కెట్టమంటావా?" అన్నాడు. "ఎవులికి?"

"నాకే. రాసుకోవాలి."

మంచం అంచు మీద తాళం వేశాను. లాభం అన్నాడు. రెండు. మూడు. నా వేళ్ళతోపాటు, ఒక్కటి కూడా తొందరపడకుండా ఇరవైరెండు దాకా వచ్చాడు. ఆగి, నా ముఖంలోకి చూసి, "ఐసు లేదు కదా తల్లీ, తొందరేటి," అన్నాడు.

షీటులో ఇరవైరెండు రాశాను. దాని పక్కన పదకొండు సెకన్లు అని కూడా రాశాను.